ఆకుపచ్చ చొక్కా ఒక్కరోజు ముచ్చట: 'ప్యూర్ వెజ్' ప్రకటనలో రాయని సంగతులు

భోజనం ఇంటికి తెచ్చిపెట్టే యాప్‌లు కొత్త సదుపాయం పెట్టినప్పుడల్లా ఒకే పద్ధతి పాటిస్తాయి. ఒక బొమ్మ వేస్తాయి, దాని కింద ఒకటి రెండు వాక్యాల క్యాప్షన్ పెడతాయి, ఆ క్యాప్షన్‌లో ఒకే ఒక లాభం చెప్తాయి. త్వరగా వస్తుంది, లేదా చవగ్గా వస్తుంది, లేదా మీ ఇష్టానికి తగ్గట్టు వస్తుంది. చదివే వాళ్ళకి చటుక్కున అర్థం కావాలి కాబట్టి అలా రాయడంలో తప్పు లేదు. కాని ఆ లాభం ఎవరికి, దాని బరువు ఎవరి మీద పడుతుంది అన్నది క్యాప్షన్‌లో పట్టదు. అది మనమే విడిగా చదువుకోవాలి.

దీనికి మేము ఎంచుకున్న ఉదాహరణ 2024 మార్చిలో జొమాటో చేసిన 'ప్యూర్ వెజ్' ప్రకటన. బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్ లాంటి ఊళ్ళలో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్ళకి, మన వాళ్ళు నడుపుకునే మెస్సులకి ఆ సంగతితో నేరుగా సంబంధం ఉంది. పైగా ఆ కథ మొదటి రోజుతో ఆగలేదు. మరునాడు ఒక మలుపు తిరిగింది, పది నెలల తరవాత ఇంకో మలుపు తిరిగింది.

ప్రకటనలో ఏముంది

2024 మార్చి 19, మంగళవారం. జొమాటో అధిపతి దీపిందర్ గోయల్ ఎక్స్‌లో కొత్త సదుపాయాన్ని ప్రకటించారు. పూర్తి శాకాహారుల కోసం యాప్‌లో 'ప్యూర్ వెజ్ మోడ్' అనే ఏర్పాటు, దానితోపాటు 'ప్యూర్ వెజ్ ఫ్లీట్' అనే విడి డెలివరీ దళం. తమ భోజనం ఎలా వండుతున్నారు, ఎలా మోసుకొస్తున్నారు అన్న విషయంలో శాకాహారులు చాలా పట్టింపుగా ఉంటారని, వాళ్ళ దగ్గరనుంచి వచ్చిన మాటల్ని బట్టే ఇది పెడుతున్నామని ఆయన చెప్పుకున్నారు.

ఆ ఏర్పాటులో రెండు భాగాలున్నాయి. మొదటిది తెర మీద కనిపించేది. మోడ్ నొక్కితే శాకాహారం మాత్రమే వండే రెస్టారెంట్లే కనిపిస్తాయి. ఒక్క మాంసాహార వంటకం అమ్మినా ఆ రెస్టారెంటు మొత్తం జాబితాలోంచి పోతుంది. రెండోది రోడ్డు మీద కనిపించేది. ఈ దళంలో ఉన్నవాళ్ళు ఎర్ర చొక్కాకి బదులు ఆకుపచ్చ చొక్కా వేసుకుంటారు, ఆకుపచ్చ పెట్టె మోస్తారు. ఆ పెట్టెలోకి మాంసాహారం ఎప్పుడూ వెళ్ళదు. మాంసాహారం కూడా వండే చోటునుంచి వచ్చిన పప్పన్నమైనా సరే వెళ్ళదు.

ఇంత కష్టం ఎందుకంటే, దారిలో కూర ఒలికితే ఆ వాసన పెట్టెకి పట్టి తరవాతి ఆర్డరుకి అంటుకుంటుందని గోయల్ వివరించారు. ఈ మాట అబద్ధం కాదు. చేపల పులుసు ఒలికిన సంచిలో పెరుగన్నం తెస్తే ఏమవుతుందో మన ఇళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నీచు వాసన అంత తేలిగ్గా వదలదు. కాబట్టి క్యాప్షన్ చెప్పిన లాభం నిజమైనదే: మీ శాకాహార భోజనం వచ్చే పెట్టెలో మాంసాహారం పెట్టరు. ఇంత స్పష్టంగా చెప్పిన లాభానికి ఒక్కరోజులోనే ఎందుకు కత్తెర పడిందో చూద్దాం.

ఒక్కరోజులో రంగు ఎందుకు పోయింది

మరునాడు, మార్చి 20న, గోయల్ ఇంకో ప్రకటన చేశారు. దళం ఉంటుంది, రంగు మాత్రం ఉండదు. అందరూ ఎప్పటిలాగే ఎర్ర చొక్కాలే వేసుకుంటారు. శాకాహార దళం మనిషి తెస్తున్నాడన్న సంగతి యాప్‌లో కనిపిస్తుంది, వీధిలో మాత్రం ఎవరూ గుర్తుపట్టలేరు. దానికి ఆయన రెండు కారణాలు చెప్పారు. ఎర్ర చొక్కా వేసుకున్నవాళ్ళంతా మాంసాహారమే తెస్తున్నారని పొరబడి కొన్ని కాలనీల అసోసియేషన్లు ప్రత్యేకమైన రోజుల్లో వాళ్ళని గేటు దగ్గరే ఆపేయవచ్చు, వాళ్ళ ఒంటి మీదికే ప్రమాదం రావచ్చు. రెండోది, కొందరు వాడకందార్లకి తమ ఇంటి ఓనర్లతో ఇబ్బంది రావచ్చు.

ఈ రెండో కారణం దగ్గర మనం కాస్త ఆగాలి. ఆకుపచ్చ రంగు తెచ్చింది శాకాహారి కోసం. కాని ఆకుపచ్చ అంటూ ఒకటి వచ్చాక ఎర్ర రంగుకి కొత్త అర్థం వచ్చేస్తుంది. నిన్నటిదాకా ఎర్ర చొక్కా అంటే 'ఎవరికో భోజనం వచ్చింది' అని మాత్రమే. ఆకుపచ్చ వచ్చిన రోజునుంచి ఎర్ర చొక్కా అంటే 'ఈ ఇంట్లో మాంసం తింటారు' అని చాటింపు వేసినట్టే. అద్దె ఇంట్లో ఉంటున్న మనిషి తన గిన్నెలో ఏముందో చెప్పకపోయినా మెట్లెక్కి వచ్చే చొక్కా చెప్పేస్తుంది.

ఆ చాటింపు నిజమైనా కావాలా అంటే, అదీ అక్కర్లేదు. ఒక ఉదాహరణ అనుకుందాం. బెంగళూరులో ఒక మన కుటుంబం శాకాహారులైన ఓనరు పైఅంతస్తులో అద్దెకుంటోంది. శనివారం వీళ్ళు నీచు ముట్టరు. ఆ రోజు దగ్గర్లోని ఆంధ్ర మెస్సునుంచి ముద్దపప్పు, గోంగూర, పెరుగుతో భోజనం తెప్పించుకున్నారు. ఆ మెస్సులో కోడి వేపుడు కూడా అమ్ముతారు. కాబట్టి రూలు ప్రకారం ఆ ఆర్డరు ఆకుపచ్చ పెట్టెలోకి ఎక్కదు, ఎర్ర చొక్కా మనిషే తేవాలి. కింద అరుగు మీద కూర్చున్న ఓనరుకి కనిపించేది ఎర్ర చొక్కా. శనివారం నియమం తప్పని ఇంటికి తప్పినట్టు ముద్ర పడుతుంది.

అద్దెకి ఇల్లు వెతుక్కున్న వాళ్ళకి 'మీరు వెజ్జా, నాన్ వెజ్జా' అన్న ప్రశ్న కొత్తది కాదు. భాష వేరు, ఊరు వేరు అయిన చోట ఆ ప్రశ్న ఇంకాస్త గట్టిగానే వినిపిస్తుంది. మామూలుగా ఒక్కసారి, ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు అడుగుతారు. చొక్కా రంగు నిలిచి ఉంటే ఆ ప్రశ్నకి ప్రతి ఆర్డరుకీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ దళంలో చేరేవాళ్ళు ఇంట్లో ఏం తింటారన్నది చూడబోమని గోయల్ స్పష్టంగా చెప్పారు. చెడ్డ పరిణామాలు కనిపిస్తే వెనక్కి తీసుకుంటామని మొదటే అన్నారు, రంగు విషయంలో ఆ పని ఒక్కరోజులో చేశారు. తప్పు దిద్దుకోవడం మంచిదే. అయితే దిద్దుకోవాల్సి వచ్చిన కారణం మొదటి క్యాప్షన్‌లో ఎక్కడా లేదు. అది రాసినవాళ్ళు ఆర్డరు పెట్టే మనిషిని చూశారు. మోసే మనిషినీ, పక్క వాటాలోని మనిషినీ చూడలేదు.

మన మెస్సు ఎక్కడ మాయమైంది

రంగు పోయినా తెర మీది జాబితా నియమం అలాగే ఉంది. శుద్ధ శాకాహార రెస్టారెంట్లు మాత్రమే అనుకుంటే, ఒక్క మాంసాహార వంటకం ఉన్న చోటు కనిపించదు. ఈ నియమం అందరి మీదా ఒకేలా పడదు.

తమిళ, కన్నడ ఊళ్ళలో శాకాహార టిఫిన్ హోటళ్ళది పాత సంప్రదాయం. ఉడిపి హోటళ్ళు పేరులోనే ఆ సంగతి చెప్తాయి. తమిళనాడులో ఉన్న మన వాళ్ళు కూడా 'సైవం', 'అసైవం' అనే అంటారు, బోర్డు మీదే ఆ గీత గీసి ఉంటుంది. ఆంధ్ర మెస్సు పద్ధతి వేరు. అరిటాకు వేసి పప్పు, కూర, పచ్చడి, పొడి, రసం, పెరుగు వడ్డిస్తారు. ఇదంతా శాకాహారమే. కావాలన్నవాళ్ళకి పక్కన కోడి వేపుడో, మటనో, చేపో విడిగా ఇస్తారు. ఒకే బల్ల మీద ఒకరు పప్పుతో, ఒకరు వేపుడుతో తిని లేస్తారు. మెస్సుకి వచ్చే లాభం ఆ పక్క వంటకాల్లోనే ఎక్కువ ఉండొచ్చు, పేరు మాత్రం పప్పు, పచ్చళ్ళ వల్లే వస్తుంది.

ఇలాంటి ఒక మెస్సు జాబితాలో ముప్ఫై వంటకాలున్నాయని అనుకుందాం. ఇరవై నాలుగు శాకాహారం, ఆరు మాంసాహారం. యాప్‌లో శాకాహార వంటకాలు మాత్రం చూపించమంటే ఈ మెస్సు ఇరవై నాలుగు వంటకాలతో కనిపించాలి. శుద్ధ శాకాహార రెస్టారెంట్లు మాత్రమే చూపించమంటే మొత్తం ముప్ఫై మాయమవుతాయి. మొదటిది వంటకాన్ని జల్లించే జల్లెడ, రెండోది వంటిల్లునే జల్లించే జల్లెడ. వాడేవాళ్ళకి ఒక్క మీట తేడా, మెస్సువాళ్ళకి మధ్యాహ్నం బేరం తేడా.

ఆ మీట ఎప్పుడు నొక్కుతారు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ సదుపాయం 'మనిషి అయితే పూర్తి శాకాహారి, లేకపోతే కాదు' అన్న లెక్క మీద నిలబడింది. మన ఇళ్ళలో ఎక్కువమందికి అది మనిషి గుణం కాదు, రోజు గుణం. శనివారం వద్దు, ఆదివారం తప్పనిసరి. కార్తీకమాసం నెలంతా వద్దు. బరంపురం వైపు మన వాళ్ళు ఒడియా ఇరుగుపొరుగుతో కలిసిపోయి 'నిరామిష' రోజులు పాటిస్తారు, ఒడియా ఇళ్ళలో సోమవారం, గురువారం కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ఇలాంటి ఇంట్లో ఎవరో కార్తీకంలో మీట నొక్కి మర్చిపోతే, పోలి స్వర్గానికి వెళ్ళినా మెస్సు మాత్రం ఆ ఫోనులోకి తిరిగి రాదు.

అందుకని చేయాల్సిన పని చిన్నదే. మోడ్ నొక్కినప్పుడు 'అన్ని రెస్టారెంట్ల శాకాహార వంటకాలా, శుద్ధ శాకాహార రెస్టారెంట్లు మాత్రమేనా' అని యాప్ అడిగితే, ఆ ప్రశ్న చదివి జవాబివ్వాలి. పట్టింపు వంటకం మీదైతే మొదటిది చాలు, పట్టింపు వంటింటి మీదైతే రెండోది కావాలి. మీరెప్పుడూ తెప్పించుకునే మెస్సు ఉన్నట్టుండి కనిపించకపోతే, మూసేశారనుకునే ముందు ఆ మీట ఏ వైపు ఉందో చూడండి.

పెట్టెకు హామీ, వంటింటికి కాదు

ఇక పట్టింపు నిజంగా గట్టిగా ఉన్నవాళ్ళ సంగతి. ఇంట్లో మడి పాటించే పెద్దవాళ్ళుంటారు, గుడ్డు కూడా తగలకూడదనేవాళ్ళుంటారు. వాళ్ళకి ఈ క్యాప్షన్ ఎంతవరకు పనికొస్తుంది?

విడి దళం వల్ల తీరేది దారిలో జరిగే కలగలుపు ఒక్కటే. వంటింట్లో ఏం జరిగిందో ఆ పెట్టెకి తెలియదు. అక్కడ యాప్ నమ్మేది రెస్టారెంటు తన గురించి చెప్పుకున్న మాటని. ఇప్పుడు చాలా వంటిళ్ళకి కూర్చుని తినే చోటు ఉండదు, డెలివరీ కోసమే వండుతాయి. ఒకే వంటింట్లోంచి రెండు మూడు పేర్లతో అమ్మకం జరగొచ్చు. ఒక పేరు మీద బిర్యానీ, ఇంకో పేరు మీద శాకాహార థాలీ. పేర్లు రెండు, పొయ్యి ఒకటే.

దాన్ని పట్టుకునే దారి ఒకటుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరులో 14 అంకెలుంటాయి. వ్యాపారం నడిచే చోటుని బట్టి లైసెన్సు ఇస్తారు, చోటు మారితే లైసెన్సు వేరే. యాప్‌లో రెస్టారెంటు పేజీలో కిందికి వెళితే ఆ నంబరూ, చిరునామా కనిపిస్తాయి. మీరు అనుమానపడుతున్న రెండు పేర్ల కిందా ఒకే నంబరు, లేదా ఒకే చిరునామా ఉంటే వంటిల్లు ఒక్కటే అయ్యుండే అవకాశం ఎక్కువ. వేరైతే, కనీసం కాగితం మీద వంటిళ్ళు వేరని అనుకోవచ్చు.

గుడ్డు విషయంలోనూ ఒక పొరపాటు జరుగుతుంటుంది. గుడ్డు మాంసం కాదు కదా అని కొందరి ఇళ్ళలో అంటారు. మన దేశంలో ఆహార పొట్లాల మీద వేసే గుర్తుల ప్రకారం గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది, పాలు మాత్రం శాకాహారం. ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమ రంగు చదరంలో త్రికోణం ఉంటే మాంసాహారం. కేకు లాంటివి తెప్పించేటప్పుడు పేరు కాదు, ఈ గుర్తు చూడాలి. ఇక ఉల్లి, వెల్లుల్లి సంగతి ఏ గుర్తులోనూ లేదు. అది ఫోను చేసి అడిగి తెలుసుకోవాల్సిందే.

పది నెలల తరవాత రెండు రూపాయలు

2025 జనవరిలో ఈ కథకి మూడో అంకం వచ్చింది. శాకాహార మోడ్ పెట్టుకున్న ఆర్డరుకి బిల్లులో రెండు రూపాయల ప్రత్యేక రుసుము పడుతోందని ఒక వాడకందారు లింక్డ్‌ఇన్‌లో బయటపెట్టాడు. శాకాహారిగా ఉన్నందుకు జరిమానానా అన్న గోల లేచింది. గోయల్ జవాబిచ్చి, అది తెలివితక్కువ పని అని తామే ఒప్పుకుని, ఆ రుసుము ఆ రోజే తీసేస్తామన్నారు.

రెండు రూపాయలు పెద్ద సొమ్ము కాదు. నెలకి ఎనిమిది సార్లు తెప్పించుకునే ఇంటికి పదహారు రూపాయలు. కాని దాని నడక చూడండి. మొదటి రోజు క్యాప్షన్‌లో ఇది శాకాహారుల మాట విని ఇచ్చిన సదుపాయం. పది నెలలకి అదే సదుపాయం బిల్లులో ఒక వరసగా మారింది. విడి దళం నడపడానికి కంపెనీకి ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే గోల ఉండేది కాదేమో. లాభం ఒక్కటే చెప్పి ఖర్చు దాస్తే, ఖర్చు ఏదో ఒక రోజు బిల్లులో తలెత్తుతుంది.

బిల్లులో ఇలాంటి వరస కనిపెట్టడానికి ఒకటే మార్గం: డబ్బు కట్టే ముందు మొత్తం అంకె ఒక్కటే చూడకుండా, దాన్ని నొక్కి వివరం తెరవడం. వంటకం ధర, డెలివరీ, ప్లాట్‌ఫామ్ రుసుము, పన్ను విడివిడిగా కనిపిస్తాయి. కొత్త సదుపాయం ఏదైనా వాడడం మొదలుపెట్టిన వారంలో ఒకసారి, రెండు నెలల తరవాత ఇంకోసారి చూస్తే తేడా తెలిసిపోతుంది. జనవరిలో ఆ రుసుము బయటపడింది కూడా అలా బిల్లు చదివిన మనిషి వల్లే.

ఆ క్యాప్షన్ ఇలా ఉండాల్సింది

విమర్శ చేసి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. ఆ ప్రకటనే మన భాషలో, నాలుగు వాక్యాల్లో, లాభం దాచకుండా హద్దు దాచకుండా ఇలా రాయొచ్చు:

"మీ శాకాహార భోజనం తెచ్చే పెట్టెలో ఇకనుంచి మాంసాహారం పెట్టం. ఇది శాకాహారం మాత్రమే వండే రెస్టారెంట్ల ఆర్డర్లకే, రెండూ వండే చోట్లకి వర్తించదు. వంటింటి సంగతి రెస్టారెంటు మాకు చెప్పినదే, మేము హామీ ఇవ్వలేం. ఈ సదుపాయానికి రుసుము లేదు, పెడితే ముందే చెప్తాం."

ఇందులో లాభం ఒక్కటే, మొదటి వాక్యంలోనే ఉంది. మిగతా మూడూ దాని హద్దులు. ఇంత చెప్పినా ఫోను తెర మీద పట్టని పొడవేమీ కాదు. రంగు మాట ఇందులో లేదు, ఎందుకంటే దాని అవసరమే లేదు. పెట్టె శుభ్రంగా ఉందన్న సంగతి తినే మనిషికి తెలిస్తే చాలు, వీధి మొత్తానికి తెలియక్కర్లేదు. మార్చి 20న కంపెనీ కూడా చివరికి వచ్చి చేరింది ఈ మాట దగ్గరికే.

ఇంకో యాప్, ఇంకో సదుపాయం, ఇంకో క్యాప్షన్ వస్తూనే ఉంటాయి. అప్పుడు ఆర్డరు పెట్టే మనకి దక్కే లాభం క్యాప్షనే చెప్తుంది, దాన్ని వెతకనక్కర్లేదు. దాని పక్కన ముగ్గురిని పెట్టి చూడండి: ఆ భోజనం మోసుకొచ్చే మనిషి, దాన్ని వండిన మన మెస్సు, మన పక్క వాటాలో అద్దెకుంటున్న ఇల్లు. ఆ ముగ్గురిలో ఎవరికి నష్టమో కనిపెట్టగలిగితే, మరునాడు రాబోయే సవరణ ఏమిటో ముందురోజే మీకు తెలిసిపోతుంది.